కస్టమర్ మెసేజ్ స్క్రీన్‌షాట్ కింద ఏం రాయాలి? ఒక జంపఖానా ఉదాహరణతో

వరంగల్ కొత్తవాడ దగ్గర జంపఖానాలు అమ్మే ఒక దంపతులకు నేను ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు రాసి పెడుతుంటాను. దసరా వెళ్లిన వారానికి ఆయన ఒక స్క్రీన్‌షాట్ పంపి, "ఇది నేనే పోస్టు చేశాను, ఒకసారి చూడండి" అన్నారు. అందులో ఉన్నది ఒకటే మెసేజ్: "చాలా బాగుంది తమ్ముడూ. చిన్నది ఇంకొకటి పంపుతారా?" దాని కింద ఆయన రాసిన క్యాప్షన్ ఇది:

"మా కస్టమర్ల సంతోషమే మా విజయం! నాణ్యతలో రాజీ లేదు. మీరూ ఇప్పుడే ఆర్డర్ చేయండి!"

ఆ సాయంత్రమే ఎన్నాళ్లుగానో వారి దగ్గర కొనే ఒకాయన దుకాణానికి వచ్చి, ఫోను చూపించి, "ఇది మీరే రాసుకున్నారా?" అని అడిగారట. అమ్మే ఆయన చాలా నొచ్చుకున్నారు. మెసేజ్ నిజమైనదే. పంపినామె కరీంనగర్‌లో ఉంటారు, పూర్తి ధర కట్టి కొన్నారు. పోస్టులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా చూసినవారికి అబద్ధంలా కనిపించింది.

అసలు మెసేజ్ మొత్తం పంపమని అడిగాను. ఆమె ఒకదాని వెంట ఒకటిగా నాలుగు మెసేజ్‌లు పంపారు. ఇంగ్లిష్ అక్షరాలతో టైపు చేసిన తెలుగు అది. తెలుగు లిపిలో రాస్తే ఇలా ఉంటుంది:

"తమ్ముడూ, జంపఖానా అందింది. రంగు ఫొటోలో కన్నా ముదురుగా ఉంది, మొదట కొంచెం నిరాశపడ్డాను."

"పండుగకు ముందు ఒకసారి ఉతికాను. మొదటి నీళ్లు ఎర్రగా వచ్చాయి, భయం వేసింది. రెండోసారి తేటగానే ఉన్నాయి."

"సద్దుల బతుకమ్మ రోజు మా అత్తమ్మ దానిమీదే కూర్చుని బతుకమ్మ పేర్చింది."

"చాలా బాగుంది తమ్ముడూ. చిన్నది ఇంకొకటి పంపుతారా?"

మొదటి మూడు మెసేజ్‌లలో నిరాశ ఉంది, భయం ఉంది, ఒక పండుగ రోజు ఉంది. వాటన్నిటినీ కత్తిరించి, ఏ దుకాణానికైనా ఎవరైనా పంపగల నాలుగో మెసేజ్‌ను ఆయన ఉంచుకున్నారు. పోస్టు కృత్రిమంగా కనిపించడానికి కారణం ఈ కత్తిరింపే. క్యాప్షన్ దాన్ని ఇంకాస్త పెంచింది. ఆ పోస్టు తీసేసి, మళ్లీ మొదటి నుంచి చేశాం. ఎలా చేశామో వరుసగా చెబుతాను.

ముందు ఆమెను అడగాలి

ఇది చివర్లో చేసే లాంఛనం అనుకుంటారు చాలామంది. నేను మాత్రం మొదటే చేయిస్తాను. ఏ వాక్యం ఉంచవచ్చు, ఏది కప్పాలి, ఊరి పేరు రాయవచ్చా అన్నవి తేలకుండా క్యాప్షన్ రాస్తే రెండుసార్లు రాయాల్సి వస్తుంది. పైగా ఒకరికి ఆత్మీయంగా పంపిన మాటను అడగకుండా పది మందికి చూపించడం మర్యాద కాదు. మేము పంపిన సందేశం ఇది:

"అక్కా, మీ మెసేజ్ చదివి సంతోషం వేసింది. దీన్ని మా ఇన్‌స్టాగ్రామ్ పేజీలో, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవచ్చా? రంగు ముదురుగా ఉందన్న మాట, ఉతికినప్పుడు రంగు వచ్చిందన్న మాట కూడా తీసేయకుండా పెడతాం. మీ పేరు, నంబరు, ఫొటో కనిపించవు. 'కరీంనగర్ నుంచి ఒక అక్క' అని మాత్రం రాస్తాం. అది కూడా వద్దంటే ఊరు తీసేస్తాం. మీ అత్తమ్మ గారి గురించి రాసిన వాక్యం ఉంచవచ్చేమో ఆవిడను కూడా అడిగి చెప్పండి. ఇష్టం లేకపోతే వద్దని చెప్పండి, ఏమీ అనుకోము. మీరు అడిగిన చిన్న జంపఖానా ఎలాగూ రేపు పంపుతున్నాం."

చివరి వాక్యం ఊరికే రాసింది కాదు. ఆమె అప్పుడే ఇంకొక వస్తువు అడిగి ఉన్నారు. ఒప్పుకుంటేనే తన పని త్వరగా అవుతుందేమో అన్న మొహమాటం ఆమెకు కలగకూడదు. అందుకే ఆర్డరు సంగతిని అనుమతితో ముడిపెట్టకుండా విడదీశాం. ఎక్కడ పెడతామో కూడా స్పష్టంగా చెప్పాం. స్టేటస్‌కు ఒప్పుకున్నవారు దుకాణం ముందు కట్టే ఫ్లెక్సీకి కూడా ఒప్పుకున్నట్టు కాదు.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది: "పెట్టనిస్తే వచ్చేసారి కొంత తగ్గిస్తాం" అనడం. అలా అన్న క్షణం నుంచి ఆ మెసేజ్ స్వభావమే మారిపోతుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో వాడుకునే మెచ్చుకోలు ఆ మనిషి నిజమైన, ఇటీవలి అభిప్రాయమై ఉండాలి. మెచ్చుకున్నవారికి, అమ్మేవారికి మధ్య మాట విలువను ప్రభావితం చేసే సంబంధం ఏదైనా ఉంటే దాన్ని బయటపెట్టాలి. ఉచితంగా ఇచ్చిన వస్తువు, తగ్గించిన ధర, బంధుత్వం అన్నీ అలాంటివే. తగ్గింపు ఇచ్చి ఉంటే ఆ సంగతి క్యాప్షన్‌లో రాయాలి. ఇవ్వకపోతే, ఇవ్వలేదని రాసుకునే అవకాశం మిగులుతుంది. ఆ రెండోదే ఎంతో విలువైనది.

ఆమె మరుసటి రోజు జవాబిచ్చారు. మాటలన్నీ పెట్టవచ్చు, అత్తమ్మ కూడా సరేనన్నారు, తాను పంపిన ఫొటో మాత్రం వద్దు, అందులో పిల్లలు ఉన్నారు అని. ఆ ఫొటో చాలా అందంగా ఉంది. అయినా దాన్ని వాడలేదు.

అనుమతి వచ్చాక ఒకే ఒక ప్రశ్న అడగమన్నాను. అది ఆమె నోటిలో మాట పెట్టేలా ఉండకూడదు. "రంగు ఇక పోలేదు కదా?" అని అడిగితే, ఎవరైనా మర్యాదకు "అవును" అంటారు. "ఎలా ఉతికారు అక్కా?" అని అడిగించాను. "చన్నీళ్లలో, చేత్తో, విడిగా. కొంచెం సబ్బు పొడి వేశాను" అని ఆమె రాశారు. క్యాప్షన్‌కు కావలసిన అసలు సరుకు ఈ చిన్న జవాబులో దొరికింది.

మెసేజ్‌ను మూడు రంగుల్లో చదవండి

స్క్రీన్‌షాట్‌ను పక్కన పెట్టుకుని కాగితం మీద మాటలన్నీ రాసుకోండి. మూడు రకాల మాటల కింద మూడు రంగుల గీతలు గీయండి. ఒకటి మెచ్చుకోలు, రెండోది కళ్లతో చూసిన సంగతి, మూడోది కలిగిన అనుమానం.

మన మెసేజ్‌లో మెచ్చుకోలు ఒక్కటే: "చాలా బాగుంది." చూసిన సంగతులు ఎన్నో ఉన్నాయి: రంగు ముదురుగా ఉంది, మొదటి నీళ్లు ఎర్రగా వచ్చాయి, రెండోసారి తేటగా ఉన్నాయి, అత్తమ్మ దానిమీద కూర్చుని బతుకమ్మ పేర్చారు. అనుమానాలు రెండు: ఫొటోకు, వస్తువుకు తేడా ఉందన్న నిరాశ, రంగు పోతుందేమోనన్న భయం.

మెచ్చుకోలును క్యాప్షన్‌లో మళ్లీ రాయకూడదు. అది స్క్రీన్‌షాట్‌లో ఉంది, ఆమె మాటగా ఉంది, అక్కడే దానికి బలం. అదే మాటను అమ్మేవారు కింద ఇంకొకసారి అంటే, మెచ్చుకున్నది ఆమెనా మీరా అన్న సందేహం మొదలవుతుంది. పెళ్లిచూపుల్లో పిల్లవాడి గుణం గురించి పక్కింటివారు చెప్పిన మాటకు ఉన్న విలువ, అదే మాటను తండ్రి వెంటనే అందుకుని రెట్టించేసరికి సగమైపోతుంది.

క్యాప్షన్ నిలబడాల్సింది అనుమానం మీద. రేపు కొనబోయేవారి మనసులో ఉన్నదీ అదే కాబట్టి. ముదురు ఎరుపు జంపఖానా చూసి ఆగిపోయే ప్రతి మనిషీ రెండు ప్రశ్నలతో ఆగుతారు: ఫొటోలో ఉన్నట్టే ఉంటుందా, ఉతికితే రంగు పోతుందా. ఆమె ఆ రెండిటికీ తన ఇంట్లో జవాబు కనుక్కున్నారు. దుకాణదారు కత్తిరించి పారేసినవి సరిగ్గా ఆ జవాబులే.

మెసేజ్‌లో మెచ్చుకోలు తప్ప ఏమీ లేకపోతే, అంటే "సూపర్" అని రాసి బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తే, పైన చెప్పినట్టు ఒక ప్రశ్న అడిగి చూడండి. జవాబు రాకపోతే దాన్ని పోస్టు చేయవద్దు. దాని నుంచి క్యాప్షన్ పుట్టదు.

స్క్రీన్‌షాట్‌లో కప్పండి, దిద్దవద్దు

కప్పాల్సినవి: పేరు, నంబరు, ప్రొఫైల్ ఫొటో, చిరునామా, చెల్లింపు వివరాలు. వీటితోపాటు ఫోను పై అంచున కనిపించే వేరేవారి నోటిఫికేషన్లు. ఈ చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. పాత మెసేజ్‌కు జవాబుగా పంపినప్పుడు, ఆ పాత మెసేజ్ పైన కూడా పేరు కనిపించవచ్చు. దాన్నీ చూసుకోండి.

ఎలా కప్పాలన్నదీ ముఖ్యమే. ఫోనులోని ఎడిటర్‌లో హైలైటర్ లాంటి పెన్నుతో నల్లగా రుద్దితే కంటికి కప్పినట్టే ఉంటుంది. కానీ ఆ పెన్ను పూర్తిగా కప్పదు. బొమ్మ వెలుతురు పెంచితే కింది అక్షరాలు బయటపడవచ్చు. మసకబార్చడం కూడా అంకెల విషయంలో నమ్మదగినది కాదు. ముద్దగా ఒకే రంగు నింపిన పెట్టెను పైన పెట్టండి. ఆ తర్వాత ఆ బొమ్మనే తెర మీద తెరిచి ఇంకొక స్క్రీన్‌షాట్ తీసి, కొత్తదాన్నే వాడండి. ఈ రెండో స్క్రీన్‌షాట్ అతి జాగ్రత్త అనుకోవద్దు. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో స్క్రీన్‌షాట్‌ను కత్తిరించినా, కత్తిరించిన భాగం కొంత ఫైలులోనే మిగిలిపోయే లోపం ఒకటి 2023లో బయటపడింది. దాన్ని సరిచేశారు. అయినా కొత్తగా తీసిన బొమ్మలో పాత ఫైలు అవశేషాలు ఉండవు.

కప్పకూడనివి: తేదీ, సమయం, అక్షర దోషాలు, ఇంగ్లిష్ అక్షరాల తెలుగు. ఆమె ఒకచోట "పేర్చింది" అన్న మాటను తప్పుగా టైపు చేశారు. దుకాణదారు భార్య దాన్ని సరిచేసి, మెసేజ్ అంతా తెలుగు లిపిలో ఒక పూల అంచు కార్డు మీద అందంగా వేయిద్దామన్నారు. ఆమె ఉద్దేశం నాకు అర్థమైంది. కానీ కార్డు మీద అచ్చు వేసిన మాట ఎవరిదైనా కావచ్చు. తొందరలో టైపు చేసిన తప్పు ఒక మనిషి వేలి గుర్తు లాంటిది. ఇంగ్లిష్ అక్షరాల తెలుగు చదవడం కష్టమయ్యేవారి కోసం అదే మాటను తెలుగు లిపిలో క్యాప్షన్ చివర రాస్తే సరిపోతుంది.

మెసేజ్ పొడవుగా ఉంటే? ఒక స్క్రీన్‌షాట్‌లో పట్టకపోతే రెండు వేయండి. తగ్గించక తప్పకపోతే అటూ ఇటూ తీయండి కానీ "కానీ", "మాత్రం" అన్న మాటలకు ఒక వైపు తీసేయవద్దు. "మొదట నిరాశపడ్డాను" తీసేసి తర్వాతి భాగం ఉంచడం, ఆమె చెప్పినదాన్ని మార్చడమే. తీసేసిన చోటు ఉందని క్యాప్షన్‌లో చెప్పండి.

ఇప్పుడు క్యాప్షన్

మొదటి చిత్తును దుకాణదారు భార్య రాశారు:

"కరీంనగర్ నుంచి మా అక్క రాసిన ఈ మాటలు చదివి మా కళ్లు చెమర్చాయి. మా నేతన్నల కష్టానికి దక్కిన గౌరవం ఇది. సంప్రదాయం ఉట్టిపడే ఇలాంటి జంపఖానా మీ ఇంటికీ కావాలా?"

ఆమె నిజంగానే కదిలిపోయారు, అందులో నటన లేదు. కానీ చదివేవారికి ఆమె కన్నీళ్లను సరిచూసుకునే దారి లేదు. ఇందులోని ఏ వాక్యం కూడా ఆ స్క్రీన్‌షాట్ చదవకపోతే రాయలేనిది కాదు. నేను ఎప్పుడూ చేసే పరీక్ష ఇదే. క్యాప్షన్‌ను తీసుకెళ్లి మరో దుకాణం వారి మరో స్క్రీన్‌షాట్ కింద పెట్టి చూడండి. పచ్చళ్లకూ చీరలకూ సరిగ్గా అతికితే, అది మీ క్యాప్షన్ కాదు.

స్క్రీన్‌షాట్ చెప్పలేనిదాన్ని, మీకు మాత్రమే తెలిసినదాన్ని రాయాలి. ఇక్కడ ఆ దంపతులకు మాత్రమే తెలిసినవి ఏమిటి? ఫొటో ఎందుకు లేతగా పడిందో తెలుసు: మధ్యాహ్నపు ఎండలో తీశారు. మొదటి ఉతుకులో రంగు ఎందుకు వచ్చిందో తెలుసు: నూలుకు అతుక్కోకుండా పైన మిగిలిన రంగు అది, ముదురు రంగుల్లో ఎక్కువ. ఉతికే పద్ధతి చెప్పే చీటీని ఆ పొట్లంలో పెట్టడం మరిచిపోయారనీ వారికి తెలుసు. ఈ మూడోదాన్ని రాయడానికి ఆయన చాలాసేపు ఒప్పుకోలేదు. "మన తప్పు మనమే చెప్పుకోవడమా?" అన్నారు. ఆ వాక్యం ఉంటేనే మిగతా వాక్యాలను జనం నమ్ముతారని నేను పట్టుబట్టాను. చివరికి నిలిచిన క్యాప్షన్ ఇది:

"ఫొటోలో కన్నా రంగు ముదురుగా ఉందని ఈ అక్క రాశారు. నిజమే. ఆ ఫొటో మధ్యాహ్నం ఎండలో తీశాం, ఎరుపు లేతగా పడింది. నీడలో తీసిన ఫొటో ఇప్పుడు పక్కన పెట్టాం, రెండూ చూసుకోండి.

మొదటి ఉతుకులో నీళ్లు ఎర్రగా వచ్చాయని, రెండోసారి రాలేదని కూడా రాశారు. ఎలా ఉతికారని అడిగాం. చన్నీళ్లలో, చేత్తో, వేరే బట్టలు కలపకుండా అన్నారు. ముదురు ఎరుపును మొదటిసారి అలాగే ఉతకాలి. ఆ సంగతి చెప్పే చీటీ ఆమె పొట్లంలో పెట్టడం మరిచిపోయాం. ఇప్పుడు ప్రతి పొట్లంలో పెడుతున్నాం.

ఇది 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు నూలు జంపఖానా. కొత్తవాడలో మగ్గం మీద నేసినది.

ఆమె, వారి అత్తమ్మ ఒప్పుకున్నాకే ఈ మెసేజ్ పెట్టాం. పేరు, నంబరు కప్పాం, మాటలు మార్చలేదు. ఆమె పూర్తి ధర చెల్లించి కొన్నారు."

మొదటి వాక్యం గురించి కొంచెం చెప్పాలి. ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్‌లో క్యాప్షన్ మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది more నొక్కితేనే తెరుచుకుంటుంది. అయినా చాలామంది ఆ వరుసలను "ధన్యవాదాలు", "మా కస్టమర్ మాటల్లో" లాంటి వాటితో నింపి వృథా చేస్తారు. ఆ చోట ఆమె నిరాశను పెట్టాం. అమ్మేవారి పేజీలో మొదటి వరుసలోనే ఒక ఫిర్యాదు కనిపిస్తే చూసేవారు ఆగుతారు. వెంటనే "నిజమే" అన్న ఒక్క మాట వస్తుంది. సాకు చెప్పే ముందు ఒప్పుకోవడం అది.

రెండో పేరాలో మొదట "ఎర్రగా వచ్చాయట, రెండోసారి రాలేదట" అని రాసి, తర్వాత మార్చాను. తెలుగులో "అట" చేర్చితే విన్నమాట అని తెలుస్తుంది, నిజాయతీగానే ఉంటుంది. కానీ ఒక్కోసారి అందులో "మాకైతే నమ్మకం లేదు" అన్న ఛాయ కూడా తొంగిచూస్తుంది. ఫిర్యాదు విషయంలో ఆ ఛాయ అసలు రాకూడదు. "అని రాశారు" అంటే ఆమె మాటను ఆమెకే గౌరవంగా అప్పగించినట్టు ఉంటుంది. అదే కారణంతో "ఈ అక్క" అన్నాను, "మా అక్క" అనలేదు. ఆమె ఆయనను తమ్ముడని పిలిచారు కాబట్టి అక్క అనడం సహజమే. "మా" చేర్చితే మాత్రం బంధువేమో అన్న అనుమానం వస్తుంది. "మా కుటుంబ సభ్యురాలు" అని రాసేవారికి కూడా ఇదే చెబుతాను.

బతుకమ్మ వాక్యాన్ని క్యాప్షన్‌లో ముట్టుకోలేదని గమనించే ఉంటారు. ఆ చిత్రం ఎంత బాగుందంటే, దాని మీద నాలుగు వరుసలు రాయాలని చేయి దురద పెడుతుంది. కానీ అది ఆమె ఇంటి పండుగ. స్క్రీన్‌షాట్‌లో చదివినవారికి ఆ సంతోషం వారంతట వారికే అందుతుంది. మనం దాన్ని అందుకుని "సంప్రదాయం" అన్న మాట చేర్చామంటే, అది వెంటనే ప్రకటన అయిపోతుంది.

స్టేటస్‌కు ఇంత పొడవు అక్కర్లేదు. "మొదటి ఉతుకులో నీళ్లు ఎర్రగా వచ్చాయని, రెండోసారి రాలేదని కరీంనగర్ నుంచి ఒక అక్క రాశారు. ఎలా ఉతకాలో అడగండి, చెబుతాం" అని పెట్టాం.

ఆమె చెప్పినదాని కన్నా ఒక్క అడుగు ముందుకు వేయవద్దు

ఇక్కడే పోస్టులు ఎక్కువగా చెడిపోతాయి, రాసేవారికి తెలియకుండానే. ఆమె చెప్పినది: ఒక జంపఖానా, ఒక ఇల్లు, ఒకసారి ఉతకడం, రెండో నీళ్లు తేటగా ఉండటం. దాని నుంచి "రంగు పోదు" అని రాస్తే అది ఆమె మాట కాదు, మీ హామీ. వాషింగ్ మెషిన్‌లో వేడినీళ్లతో ఉతికి, తెల్ల చొక్కా పాడుచేసుకున్నవారు ఆ హామీ పట్టుకుని వస్తారు, వారిది తప్పు కాదు. "రంగు గట్టిది" అన్నా అదే తంటా. "రెండోసారి రాలేదని రాశారు" అన్నదగ్గర ఆగాలి.

వస్తువు పేరు విషయంలోనూ అంతే. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆమె మెసేజ్‌లో "వరంగల్ జంపఖానా" అని రాసి ఉండి, అమ్మినది మరోచోటి మిల్లు సరుకైతే, ఆ స్క్రీన్‌షాట్‌ను పెట్టడమే తప్పుదోవ పట్టించడం అవుతుంది. కొనేవారు పొరబడి రాసిన మాటను అమ్మేవారు లాభంగా తీసుకోకూడదు. అలాంటప్పుడు క్యాప్షన్‌లో సరిచేయాలి, లేదా ఆ మెసేజ్‌ను వదిలేయాలి.

తినే వస్తువులు అమ్మేవారికి ఇంకో జాగ్రత్త. వరంగల్ చపాటా మిర్చికి కూడా 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చాక, ఆ కారంపొడిని ఇంట్లో పట్టించి అమ్మేవారు మా వైపు పెరిగారు. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ అని దానికి పేరు. "పచ్చడి రంగు నెల తర్వాత కూడా అలాగే ఉంది" అన్న మెసేజ్ బంగారం లాంటిది, పెట్టుకోండి. "ఇది వాడాక మా ఆయనకు షుగర్ తగ్గింది" అన్నదాన్ని మాత్రం ఆమె ఎంత మనస్ఫూర్తిగా రాసినా పెట్టవద్దు. ఆహారం రోగాన్ని తగ్గిస్తుందని ప్రకటించడాన్ని ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకోవు. మాట కస్టమర్‌దే అయినా, దాన్ని మీ పేజీలో పెట్టాక అది మీ ప్రకటనే.

పెట్టే ముందు, పెట్టాక

బిగ్గరగా ఒకసారి చదవండి. ఫోనులో ఎవరికైనా చెబుతున్నట్టు వస్తే సరే. ఎక్కడైనా గొంతు మారి సభలో మాట్లాడుతున్నట్టు అయితే, ఆ వాక్యం తీసేయండి. తర్వాత స్క్రీన్‌షాట్‌నూ క్యాప్షన్‌నూ కలిపి ఆమెకే పంపండి. మేము పంపినప్పుడు ఆమె ఒక దిద్దుబాటు చెప్పారు. క్యాప్షన్‌లో మేము "పండుగ రోజు ఉతికారు" అని రాశాం, ఆమె ఉతికింది పండుగకు ముందు. చిన్న తప్పే. కానీ ఆమె బంధువు ఎవరైనా చదివి "పండుగ రోజు ఉతకడమేమిటి?" అని అడిగి ఉంటే, మొత్తం పోస్టే కల్పితంలా కనిపించేది. ఆ ముక్క తీసేశాం.

పెట్టాక కింద వచ్చే ప్రశ్నలకు అక్కడే జవాబివ్వాలి. ధర అడిగితే ధర, ఎరుపు కాకుండా ఇంకే రంగులు ఉన్నాయంటే రంగులు. విడిగా మెసేజ్ చేయమని పంపేస్తే, పైన సంపాదించుకున్న నమ్మకం కింద కారిపోతుంది. ఆమెను వచ్చి కామెంట్ పెట్టమని అడగవద్దు. మెసేజ్ ఇచ్చిన సాయం చాలు. తీసేయమని ఆమె ఎప్పుడు అడిగినా, కారణం అడగకుండా అదే రోజు తీసేయండి. అనుమతి ఇచ్చిన మెసేజ్‌ను మాత్రం భద్రపరచుకోండి.

పోస్టు పెట్టిన మొదటి వారంలో ఒకరు, "చాలాసార్లు ఉతికాక ఎలా ఉంటుంది?" అని అడిగారు. దుకాణదారు దగ్గర జవాబు లేదు. "ఇంకా తెలియదు, అక్కను కొన్నాళ్లాగి అడిగి చెబుతాం" అని రాయించాను. సంక్రాంతి తర్వాత ఆమెను అడిగితే, ఆరుసార్లు ఉతికానని, రంగు నీళ్లలోకి మళ్లీ రాలేదని, కానీ ఎండ పడే కిటికీ వైపు అంచు కొంచెం వెలిసిందని రాశారు. ఈ మాట కూడా పెట్టవచ్చా అని మళ్లీ అడిగాం. సరేనన్నారు. పాత పోస్టు క్యాప్షన్‌ను ఎడిట్ చేసి, చివర ఈ రెండు వాక్యాలు చేర్చాం:

"సంక్రాంతి తర్వాత అక్కను మళ్లీ అడిగాం: ఆరు ఉతుకుల్లో రంగు నీళ్లలోకి రాలేదని, కిటికీ ఎండ తగిలే అంచు మాత్రం కొంచెం వెలిసిందని చెప్పారు. ఎర్ర జంపఖానాను నేరుగా ఎండ పడే చోట ఎక్కువ రోజులు పరచవద్దని చీటీలో ఇప్పుడు చేర్చాం."